పక్కకు తిరిగి పడుకుంటే తుంటి నొప్పి: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ఫిజియోథెరపీ చేస్తున్న నా దగ్గరికి ఈ నొప్పితో వచ్చేవాళ్లలో నలభై దాటిన ఆడవాళ్లే ఎక్కువ. పగలు ఎలాగోలా పని చేసుకుంటారు. రాత్రి పక్కకు తిరగ్గానే తుంటి బయటి వైపు, చేత్తో తడిమితే తగిలే ఎముక మీద నొప్పి లేచి నిద్ర పాడవుతుంది.

అపోహ: తుంటి కీలు అరిగిపోయింది, లేదా సయాటికా.

నొప్పి తొడ బయటి వైపు నుంచి మోకాలి దాకా పాకుతుంది కాబట్టి సయాటికా అనుకోవడం సహజమే. కానీ సయాటికాలో నొప్పి చాలాసార్లు మోకాలు దాటి కిందికి పోతుంది, తిమ్మిరి కూడా ఉంటుంది. కీలు అరిగితే నొప్పి ఎక్కువగా గజ్జల్లో ఉంటుంది, వంగి చెప్పులు వేసుకోవడం కష్టమవుతుంది. ఇక్కడ చెప్పులు హాయిగా వేసుకుంటారు, ఆ ఎముక మీద వేలు పెడితే మాత్రం "అమ్మో" అంటారు. గోడకు ఒక వేలు ఆనించి, నొప్పి ఉన్న కాలి మీద 30 సెకన్లు నిలబడమంటాను. ఆలోపే ఆ చోట నొప్పి లేస్తే నా అనుమానం టెండన్ మీదికి, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే గట్టి తాడులాంటి దాని మీదికి పోతుంది.

అపోహ: ఇది బర్సా వాపు, నీరు తీయిస్తే పోతుంది.

బర్సా అంటే ఎముకకూ పైనున్న కండరానికీ మధ్య రాపిడి లేకుండా ఉండే పల్చటి సంచి. రిపోర్టులో బర్సైటిస్ అని రాయగానే అందరి చూపూ దాని మీదే పడుతుంది. అల్ట్రాసౌండ్ చేసి చూస్తే ఎక్కువమందిలో దెబ్బతిన్నది పిరుదు కండరాలను ఆ ఎముకకు కట్టి ఉంచే గ్లూటియల్ టెండన్లు. బర్సా వాపు కొందరిలోనే, అదీ చాలాసార్లు టెండన్ సమస్యకు తోడుగా కనిపిస్తుంది.

టెండన్ ఎందుకు నొస్తుంది? తొడ బయటి వైపు మోకాలి దాకా ఒక గట్టి పట్టీ ఉంటుంది. కాలు శరీరం మధ్య గీత దాటి లోపలికి వస్తే ఆ పట్టీ బిగిసి, కింది టెండన్‌ను ఎముకకు అదుముతుంది. నొప్పి ఉన్న వైపు పడుకుంటే పరుపు నేరుగా అదుముతుంది. రెండో వైపు తిరిగితే పైకాలు ముందుకు జారి లోపలికి వాలుతుంది, అదుముడు మళ్లీ మొదలు. ఎటు తిరిగినా నొప్పి ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఇదే.

అపోహ: బాగా స్ట్రెచ్ చేస్తే వదులవుతుంది.

నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది ఈ సలహానే. మొన్నటి దాకా నా దగ్గరికి వచ్చిన ఒకామె టిఫిన్ సెంటర్ నడుపుతుంది, వయసు 52. ఫోన్‌లో వీడియో చూసి రోజూ పొద్దున కాలు మీద కాలు వేసి మోకాలిని అవతలి భుజం వైపు లాగేది. "సార్, లాగినప్పుడు హాయిగనే ఉంటది, రాత్రికే సలుపు ఎక్కువైతది" అంది. మరి ఆమె లాగుతున్నది టెండన్‌ను ఎముకకు అదిమే దిక్కుకే కదా! దానికి తోడు దోసె పెనం దగ్గర గంటలకొద్దీ బరువంతా కుడికాలి మీద వేసి, తుంటి పక్కకు వదిలి నిలబడే అలవాటు.

స్ట్రెచ్ మాన్పించాను. రెండు పాదాలూ జానెడు ఎడంగా పెట్టి, బరువు సమంగా పంచి నిలబడమన్నాను. వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద దిండు, పక్కకు తిరగక తప్పకపోతే నొప్పి లేని వైపే, అదీ మోకాలి నుంచి మడమ దాకా కాళ్ల మధ్య గట్టి దిండు. పరుపు గట్టిగా ఉంటే పైన మెత్తటి బొంత వేసుకోమన్నాను.

అపోహ: నొప్పి పోయేదాకా పూర్తి విశ్రాంతి.

అదుముడు తగ్గాలి, పని కాదు. మొదట ఆమెతో చేయించింది తేలికే: వెల్లకిలా పడుకుని, మోకాళ్ల పైన తొడల చుట్టూ చున్నీ వదులుగా కట్టి, కాళ్లు కదలకుండా మెల్లగా బయటికి నెట్టి పది సెకన్లు ఆపడం. ఆ తర్వాత నడుం పైకి లేపడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, చివరికి మెట్టు ఎక్కడం. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉన్నా పర్లేదు. ఆ రాత్రి నొప్పి పెరిగితే మాత్రం మర్నాడు తగ్గించాలి. మూడు వారాలకు నిద్ర కుదిరింది. ఎక్కువసేపు నిలబడటానికి మాత్రం మూడు నెలలు పట్టింది.

అపోహ: ఒక ఇంజెక్షన్‌తో అయిపోతుంది.

స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొన్ని వారాలు హాయి ఉంటుంది, అది నిజం. 2018లో ప్రచురితమైన ఒక ఆస్ట్రేలియా ట్రయల్‌లో ఎనిమిది వారాలకు బాగైందన్నవాళ్లు జాగ్రత్తలు, వ్యాయామాలు చేసినవాళ్లలో 77 శాతం, ఇంజెక్షన్ వాళ్లలో 58 శాతం, ఏమీ చేయనివాళ్లలో 29 శాతం. ఏడాది తర్వాత ఇంజెక్షన్ వాళ్లకూ ఏమీ చేయనివాళ్లకూ పెద్ద తేడా లేదు. షుగర్ ఉన్నవాళ్లకు ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరగవచ్చు, ముందే డాక్టర్‌కు చెప్పండి.

కింద పడ్డాక కాలి మీద బరువు వేయలేకపోయినా, నొప్పితో పాటు జ్వరం ఉన్నా, గతంలో క్యాన్సర్ ఉన్నా ఈ వ్యాయామాల జోలికి పోకుండా నేరుగా ఎముకల డాక్టర్‌కు చూపించుకోండి. నడిచేటప్పుడు నడుం ఒక పక్కకు వాలిపోతుంటే టెండన్ చిరిగి ఉండవచ్చు. దానికి స్కాన్ కావాలి.