చింతపండు గుజ్జు: చెంచాలో ఉన్న పులుపెంత?

వంట పుస్తకంలో "రెండు చెంచాల చింతపండు గుజ్జు" అని ఉంటే ఒక పాఠకురాలికి ఒకసారి వంటకం పుల్లగా, ఇంకోసారి చప్పగా వస్తోందట. తప్పు ఆవిడది కాదు, ఆ కొలతది. పులుపు ఎండు చింతపండులోని టార్టారిక్ ఆమ్లం నుంచి వస్తుంది. మనం పోసే నీళ్లు దాన్ని పలచన చేస్తాయంతే. అందుకే చెంచా గుజ్జులో ఎన్ని గ్రాముల చింతపండు ఉందో తెలిస్తే చాలు.

గింజ తీసిన చింతపండు 50 గ్రాములు తీసుకుని 100 మి.లీ. వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టండి. చేత్తో పిసికి, జల్లెడలో వేసి గరిటె వెనకభాగంతో నొక్కండి. పీచు, పిప్పి పైన మిగులుతాయి. ఇక్కడే చాలామంది ఆపేస్తారు. ఆ తడి పిప్పి పట్టుకున్న రసం కిందకు దిగినదానంత పుల్లగానే ఉంటుంది. పారేస్తే ఆ పులుపంతా దానితోపాటే పోతుంది. మరో 50 మి.లీ. నీళ్లు పోసి మళ్లీ పిసికితే అందులో చాలావరకు తిరిగొస్తుంది. మొత్తం నీళ్లు ఒకేసారి పోయడం కంటే రెండు విడతలుగా పోయడమే లాభం. గింజలున్న పండైతే మిక్సీలో తిప్పకండి; గింజ పొట్టులోని టానిన్లు దిగి నాలుక పిడచకట్టినట్టు వగరొస్తుంది.

ఇలా సుమారు 150 మి.లీ. గుజ్జు వస్తుంది. అంటే 15 మి.లీ. పెద్ద చెంచాకు 5 గ్రాముల చింతపండు. టార్టారిక్ ఆమ్లం ఆవిరైపోదు కాబట్టి, సన్నమంటపై కలుపుతూ 75 మి.లీ. అయ్యేదాకా మరిగిస్తే అదే చెంచాలో 10 గ్రాముల చింతపండు పులుపు ఉంటుంది. చక్కెరలు కూడా చిక్కబడతాయి కనుక అడుగంటకుండా చూసుకోవాలి.

ఇక నిమ్మరసానికి బదులు గుజ్జు వేసే లెక్క. నిమ్మరసంలో ఆమ్లం దాదాపు 6 శాతం అనుకుంటే, 30 మి.లీ.లో 1.8 గ్రాములు. చింతపండులో 12 శాతం ఆమ్లం ఉంటే, పిప్పిలో పోయింది తీసేయగా మొదటి గుజ్జు చెంచాకు అర గ్రాము పైచిలుకు దక్కుతుంది. కాబట్టి రెండు చెంచాల నిమ్మరసానికి బదులు మూడు చెంచాల గుజ్జు వేసి, రుచి చూసి నాలుగోది కలపండి. వంటకంలో నీళ్లు చెంచా, రెండు చెంచాలు తగ్గించండి. గుజ్జులోని తీపి పులుపును కొంత కప్పేస్తుంది, అందుకే లెక్క సరిపోయినా నాలుక ఇంకొంచెం అడుగుతుంది. నిమ్మ వాసన మాత్రం దీనితో రాదు. నిమ్మరసంలా చివర్లో చల్లకుండా, గుజ్జును కాసేపు ఉడకనివ్వండి, పచ్చివాసన పోతుంది. పప్పులో అయితే పప్పు మెత్తబడ్డాకే వేయాలి; ఆమ్లం ముందే తగిలితే గింజల్లోని పెక్టిన్ కరగక పప్పు గట్టిగానే ఉండిపోతుంది.

సీసాలో దొరికే పేస్ట్‌కి ఒకే లెక్క చెప్పలేం, ఒక్కొక్కటి ఒక్కో చిక్కదనం. ఒక గ్లాసులో 100 మి.లీ. నీళ్లకు అర చిన్నచెంచా పేస్ట్ కలపండి. ఇంకో గ్లాసులో అన్నే నీళ్లకు మీ గుజ్జును అర చిన్నచెంచా చొప్పున కలుపుతూ రెండింటినీ రుచి చూడండి. పులుపు సమానమయ్యేసరికి మూడు అర చెంచాలు పట్టాయంటే, ఆ పేస్ట్ అడిగిన చోటల్లా మూడింతలు గుజ్జు వేయండి. చిక్కటివి నేరుగా నాకి చూస్తే ఈ తేడా తెలియదు, మొదటి చుక్కకే నాలుక మొద్దుబారుతుంది.