పాల్‌లో ఆర్ గేటు కదలదు: అపోహలు - వాస్తవాలు

అపోహ: యాండ్ గేటుతో ఒక ప్రొడక్ట్ టర్మ్ తయారు చేస్తే చాలు, పాల్ అనే ప్రోగ్రామబుల్ లాజిక్ చిప్‌లో రెండు అవుట్‌పుట్లూ దాన్ని వాడుకుంటాయి.

ఎక్కువ డిజైన్లు దెబ్బతినేది ఇక్కడే. ఆ సదుపాయం పీఎల్‌ఏ అనే మరో రకం ప్రోగ్రామబుల్ చిప్‌ది. అందులో యాండ్ భాగం, ఆర్ భాగం రెండూ ప్రోగ్రామ్ చేయవచ్చు కాబట్టి ఏ టర్మ్‌నైనా ఎన్ని ఆర్ గేట్లకైనా కలపవచ్చు. పాల్‌లో మన చేతిలో ఉండేది యాండ్ భాగమే. ఏ యాండ్ గేటు ఏ ఆర్‌కు వెళ్లాలో చిప్ తయారైనప్పుడే ఖాయమైపోయింది. పక్క ఆర్ దగ్గర యాండ్ గేట్లు ఖాళీగా ఉన్నా మనం అరువు తెచ్చుకోలేం.

ఒక్కో ఆర్‌కు మూడు యాండ్ గేట్లున్న పాల్‌లో ఈ రెండు ఫంక్షన్లు పెట్టాలనుకోండి:

```
F1 = AB' + A'B + CD
F2 = AB' + A'B + CD + A'C'D'
```

పీఎల్‌ఏకైతే మొత్తం నాలుగు టర్మ్‌లు చాలు. పాల్‌లో ఉమ్మడి మూడింటినీ రెండు చోట్లా విడివిడిగా ప్రోగ్రామ్ చేయాలి. F1 సరిగ్గా పడుతుంది, F2కు ఒక గేటు తక్కువవుతుంది. కె-మ్యాప్ ఎన్నిసార్లు వేసినా F2 మూడుకు దిగదు, దాని కాంప్లిమెంట్‌కూ నాలుగు టర్మ్‌లే వస్తాయి. టర్మ్‌లోని లిటరల్స్ తగ్గించీ లాభం లేదు. ప్రతి యాండ్ గేటుకూ అన్ని ఇన్‌పుట్లూ ముందే అందుబాటులో ఉంటాయి, లెక్కకు వచ్చేది టర్మ్‌ల సంఖ్యే.

అపోహ: టర్మ్‌లు మించితే ఆ చిప్ పనికిరాదు.

కంగారుపడి పెద్ద చిప్ వెతకనక్కర్లేదు. F1ను ఫీడ్‌బ్యాక్ ద్వారా మళ్లీ యాండ్ భాగంలోకి తెచ్చుకోండి:

```
F2 = F1 + A'C'D'
```

ఇప్పుడు F2కు రెండు గేట్లు చాలు. ఇందుకు చెల్లించే మూల్యం ఆలస్యం: సిగ్నల్ యాండ్-ఆర్ దారిని రెండుసార్లు దాటాలి. 25 నానోసెకన్ల చిప్‌లో F2కు దాదాపు 50 పట్టవచ్చని లెక్కేసుకోండి. F1ను ఫీడ్‌బ్యాక్ ఉన్న పిన్‌కే కేటాయించాలి. PAL16L8లో 12, 19 పిన్‌లకు ఫీడ్‌బ్యాక్ లేదు, అక్కడ పెడితే ఈ ఉపాయం పారదు. ఆ చిప్ అవుట్‌పుట్లు తలకిందులుగా వస్తాయన్నదీ గుర్తుంచుకోండి.

అపోహ: పీఎల్‌ఏ ఎప్పుడూ మెరుగే. ఆర్ భాగం కూడా ప్రోగ్రామబుల్ కావడంతో సాధారణంగా అది నెమ్మది.

అపోహ: వాడని యాండ్ గేటు ఫ్యూజులన్నీ కాల్చేయాలి.

దీనికి పూర్తిగా విరుద్ధం. ఇన్‌పుట్లను గేటుకు కలిపే ఫ్యూజులన్నీ ఉంచేస్తే గేటులోకి A, A' రెండూ చేరి ఫలితం ఎప్పుడూ 0, ఆర్‌కు హాని లేదు. అన్నీ కాలిస్తే ఆ గేటు 1 ఇస్తూనే ఉంటుంది, ఆర్ మొత్తం 1 దగ్గర బిగుసుకుంటుంది. పై ఉదాహరణలో ఫీడ్‌బ్యాక్ వాడాక F2 దగ్గర ఒక గేటు మిగిలింది కదా. ఇన్‌పుట్లు ఏం మార్చినా F2 ఆర్ 1 వదలకపోతే, ముందు ఆ గేటు ఫ్యూజులే చూడండి.