అపోహలు - వాస్తవాలు: నల్లగొండ గుట్టల కింద ప్లేట్లు గుద్దుకోవడం లేదు

2024 డిసెంబర్ 4న పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ వారమే దేవరకొండ దిక్కు ఒక ఊళ్లో బోర్ పాయింట్ చూడ్డానికి వెళ్లాను. చెలకలో ఇనుప కడ్డీలు దిగ్గొట్టి వైర్లు పరుస్తుంటే, పక్క ఇంటి అక్క గట్టు మీద నిలబడి అడిగింది: "సారూ, మా కింద ప్లేట్లు గుద్దుకుంటున్నయంట గదా. ఈడ గూడ హిమాలయాల లెక్క కొండలు లేస్తయా?" రాత్రిళ్లు పిల్లలను వాకిట్లో పడుకోబెడుతోందట. ఆ ఊళ్లోనే ఇద్దరు అన్నదమ్ములు ఇదే భయంతో రెండెకరాలు అడిగిన ధరకు అమ్ముకున్నారు. ఎవరో ఫోన్‌లో పంపిన వీడియో చేసిన పని అది. భయపడిన వాళ్ల మీద నాకు కోపం లేదు. ఏమీ తెలియకుండా ఇలాంటివి పంపే వాళ్ల మీదే నా కోపమంతా.

అపోహ: భూమి ఎక్కడ కదిలితే అక్కడ ప్లేట్లు ఢీకొట్టుకుంటున్నట్టే, కొండ లేస్తున్నట్టే.

భూమి పైనున్న గట్టి రాతి పొర కొన్ని భారీ పలకలుగా విడిపోయి ఉంటుంది, అవే ప్లేట్లు. ఢీకొట్టుకునేది ప్లేటు అంచులో. మన ప్లేటుకు ఉత్తరపు అంచు నేపాల్, ఉత్తరాఖండ్‌ల దిక్కు ఉంది. నల్లగొండ నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైనే. మనం ఆ ప్లేటు నడుమ ఉన్నాం.

అంచులో జరిగేది చూడాలంటే చెలక చదును చేసే డోజర్ దగ్గర నిలబడితే చాలు. బ్లేడ్ ముందుకు పోతుంటే పైమట్టి లేచి, పొర మీద పొర ఎక్కి, కుప్ప పడుతుంది. కింది గట్టి నేల మాత్రం బ్లేడ్ కిందుగా వెనక్కి పోతుంది. హిమాలయాలు ఆ కుప్పలాంటివే. తేడా ఒక్కటే, అక్కడ బ్లేడ్ ఆసియా, దాని మీదికి వచ్చి పడుతున్న చెలక మన దేశం. సుమారు 5 కోట్ల ఏళ్ల కింద ఈ తాకిడి మొదలైంది. అంతకుముందు నడుమ ఉన్న సముద్రపు అడుగు బరువైన రాయి కాబట్టి ఆసియా కిందికి దిగిపోయింది. మన నేల రాయి తేలిక, అంత లోతుకు మునగదు. అందుకే పైపొరలు చీలి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, కింది భాగం టిబెట్ కిందికి దూరింది. మామూలుగా 35 కిలోమీటర్ల మందం ఉండే పైపెంకు టిబెట్ కింద 70 దాకా ఉంది. ఎవరెస్ట్ శిఖరం మీది రాయి ఒకప్పటి సముద్రపు అడుగున పేరుకున్న సున్నపురాయి. హుజూర్‌నగర్ దిక్కు సిమెంటుకు తవ్వేదీ సున్నపురాయే కాబట్టి మన వాళ్లకు దాని గురించి చెప్పక్కర్లేదు.

ఇక కొండ లేవడం, భూకంపం రావడం ఒకటే అనుకుంటారు. 2015 ఏప్రిల్ 25 నాటి నేపాల్ భూకంపం చూస్తే సంగతి తెలుస్తుంది. తీవ్రత 7.8, దాదాపు 9 వేల మంది చనిపోయారు. ఆ రోజు కాట్మండు దగ్గరి నేల సుమారు ఒక మీటరు పైకి లేచింది. దానికి ఉత్తరాన ఉన్న మంచు కొండలు మాత్రం లేవలేదు, సుమారు అర మీటరు కిందికి దిగాయి. కొండలు పుట్టే చోట భూకంపం వస్తే కొండ దిగడమేంటి?

మన ప్లేటు ఏటా 2 సెంటీమీటర్ల దాకా హిమాలయాల కిందికి పోవాలి. కాట్మండు కింద పది పదిహేను కిలోమీటర్ల లోతులో పై రాయి, కింది రాయి ఒరుసుకునే పగులు ఉంది. అది మామూలు రోజుల్లో బిగుసుకుపోయి ఉంటుంది. కింది రాయి మాత్రం తోస్తూనే ఉంటుంది. ముందు భాగం కదలక, వెనకున్న మంచు కొండల దగ్గర నేల ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున ఉబ్బుతుంది. వందేళ్లు ఇలాగే బిగిసి ఉంటే 2 మీటర్ల జరుగుడు బాకీ పడ్డట్టు. ఒక రోజు ఆ బిగువు తెగి, పై రాయి ఒక్కసారిగా దక్షిణానికి జరుగుతుంది. ముందున్న కాట్మండు పైకి లేస్తుంది, వెనకాల ఉబ్బిన చోటు సాగి దిగుతుంది. అంటే మంచు కొండలు ఎత్తు పెరిగేది ఏ చప్పుడూ లేని ఏళ్లలో. భూకంపం రోజున అందులో కొంత తిరిగిపోతుంది. పై రాయి వాలు మీదుగా ఎగబాకిన మేరకు కొంత మిగులుతుంది, అదే శాశ్వతంగా నిలిచే ఎత్తు.

ఆ మిగిలేది ఏటా 5 మిల్లీమీటర్లే అనుకుందాం, పది లక్షల ఏళ్లకు 5 కిలోమీటర్లు. మరి ఎవరెస్ట్ ఇంకా 8,848 మీటర్ల దగ్గరే ఎందుకుంది? హిమానీ నదాలు, నదులు ఆ రాయిని దాదాపు అంతే వేగంతో అరగదీసి గంగ మైదానంలో, బంగాళాఖాతంలో పోస్తున్నాయి కాబట్టి.

అపోహ: మన గుట్టలు కూడా పెరుగుతున్నాయి.

మా నాయనమ్మ కూడా బండరాయి ఏడాదికి వరిగింజంత పెరుగుతుందని చెప్పేది. పెరిగేది రాయి కాదు, వానకు చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోతుంది, బండ బయటపడుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ గ్రానైట్‌లో చాలాభాగం సుమారు 250 కోట్ల ఏళ్ల కింద, భూమి లోపల కిలోమీటర్ల లోతులో గట్టిపడింది. ఇవాళ దాని మీద మనం కూర్చుంటున్నామంటే పైనున్న రాయంతా అరిగిపోయిందని లెక్క.

అపోహ: ప్లేట్లు గుద్దుకుంటే లావా వస్తుంది.

సముద్రపు అడుగు కిందికి దిగే చోట వస్తుంది. దానితో పోయిన నీరు లోపలి రాయిని కరిగిస్తుంది కాబట్టి. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో అగ్నిపర్వతాలు అందుకే ఉన్నాయి. నేలా నేలా తాకే నేపాల్ హిమాలయాల్లో లేవు.

మరి ఇక్కడ ఎందుకు ఊగింది?

ఉత్తరాన అంచు బిగుసుకున్నప్పుడు ఆ ఒత్తిడి ప్లేటు అంతటా పాకుతుంది. నడుమ ఎక్కడైనా పాత పగులు ఉంటే అది కొంచెం జరుగుతుంది. ములుగు ఉన్న గోదావరి లోయలో అలాంటి పాత పగుళ్లు ఉన్నాయి. ఇవి ఎన్నిసార్లు జరిగినా అక్కడ హిమాలయం లేవదు. అలాగని ఏమీ కాదనీ అనను. 1993 సెప్టెంబర్ 30న లాతూర్‌లో వచ్చింది కూడా ప్లేటు నడుమనే. తీవ్రత 6.2, దాదాపు 10 వేల మంది పోయారు. ఎక్కువ మందిని చంపింది మట్టితో పేర్చిన రాతి గోడలు, వాటి మీదున్న మందపాటి మట్టి మిద్దెలు.

అందుకే ఆ అక్కను ప్లేట్ల ముచ్చట పక్కన పెట్టి ఇల్లు చూపించమన్నాను. పాత రాతి గోడ, రెండు గోడలు కలిసే మూలలో పైనుంచి కిందికి పగులు, నా చూపుడువేలు సగం దాకా దూరింది. మిద్దె మీద ఏటా వేసిన మట్టి మూరెడు మందం పేరుకుంది. ఆ మట్టి దింపించమని, మూలను ఇనుప కడ్డీలతో కట్టించమని, అప్పటిదాకా పిల్లలను ఆ గదిలో పడుకోబెట్టొద్దని చెప్పాను. మేస్త్రీకి ఫోన్ చేసి పగులు ఎక్కడుందో నేనే వివరించాను. ఆ అన్నదమ్ముల రెండెకరాలు మాత్రం అప్పటికే రిజిస్ట్రేషన్ అయిపోయింది.