ఒక్క గడిలో జలసంధి, భూసంధి

ఆరు, ఏడు తరగతుల పిల్లలకు భూస్వరూపాల పేర్ల మీద గళ్ళ నుడికట్టు తయారుచేసేటప్పుడు అందరూ పదాల ఎంపిక మీదే దృష్టి పెడతారు. అసలు పని పదాలు ఎక్కడ కలుసుకోవాలో తేల్చడంలో ఉంది.

తెలుగులో గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిసిన పూర్తి అక్షరానికి ఒక గడి. అందుకే ‘ద్వీపం’ రెండు గళ్ళలో, ‘పీఠభూమి’ నాలుగు గళ్ళలో సరిపోతాయి. ‘జలసంధి’లోని ‘ల’ మీదుగా ‘లోయ’ను నిలువుగా దించలేము, ఎందుకంటే ‘ల’ వేరు, ‘లో’ వేరు. ఈ నియమం వల్ల పదాలు కలిసే చోట్లు తగ్గిపోతాయి గనుక, దొరికిన ప్రతి కూడలినీ ఆలోచించి వాడుకోవాలి.

ఒక చిన్న అమరిక చూద్దాం. మొదటి వరుసలో రెండో గడి నుంచి అడ్డంగా ‘పీఠభూమి’ రాసి, అందులోని ‘భూ’ నుంచి నిలువుగా ‘భూసంధి’ని దించితే, దాని చివరి ‘ధి’ మూడో వరుసలోకి వస్తుంది. ఆ వరుసలో మొదటి గడి నుంచి అడ్డంగా రాసిన ‘జలసంధి’ సరిగ్గా ఆ ‘ధి’తోనే ముగుస్తుంది.

చూడటానికి ఇది ఎంతో ముచ్చటగా ఉంటుంది కానీ, ఆ ‘ధి’ పిల్లవాడికి ఏ సాయమూ చేయదు. రెండు జవాబులూ ‘సంధి’తోనే ముగుస్తాయి కాబట్టి, ఏది ఎక్కడ రాయాలో ఆ అక్షరం చెప్పలేదు. గళ్ళు లెక్కపెట్టి, నాలుగున్న చోట జలసంధి, మూడున్న చోట భూసంధి అని నింపేస్తే, భూగోళం ఏమీ తెలియకుండానే జవాబు సరిపోతుంది. అందుకని ‘జ’ నుంచి నిలువుగా ‘జలపాతం’ దించి, ‘కుంటాల దగ్గర కడెం నది ఇలా దూకుతుంది’ అని ఆధారం ఇస్తే, మొదటి అక్షరానికి కూడా ఒక సాక్ష్యం దొరుకుతుంది.

ఇక ఆధారాల సంగతి. ‘రెండు భూభాగాల మధ్య ఉండే సన్నని భాగం’ అని రాస్తే అది రెండింటికీ వర్తిస్తుంది. ఈ లోపాన్ని పట్టుకోవాలంటే ఆధారాన్ని గళ్ళు లేకుండా విడిగా చదివి చూడాలి. ఏది దేన్ని కలుపుతుందో, దేన్ని విడదీస్తుందో రెండూ చెప్పినప్పుడే తేడా తెలుస్తుంది. పాక్ జలసంధి బంగాళాఖాతాన్ని పాక్ అఖాతంతో కలుపుతూ, తమిళనాడును శ్రీలంక నుంచి విడదీస్తుంది. పనామా భూసంధి ఉత్తర, దక్షిణ అమెరికాలను కలుపుతూ, అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాలను విడదీస్తుంది. అందుకే ఓడల కోసం దాన్ని తవ్వి కాలువ వేయవలసి వచ్చింది. ఆ కాలువ 1914లో తెరుచుకుంది.

నుడికట్టు నిండిన తర్వాత పిల్లలకు అట్లాసు ఇచ్చి, ‘కలిపేది ఏమిటి? విడదీసేది ఏమిటి?’ అనే రెండు ఖాళీలను జిబ్రాల్టర్ జలసంధికి, సూయజ్ భూసంధికి పూరించమనాలి. గళ్ళ లెక్కతో గట్టెక్కిన పిల్లలు ఇక్కడ ఆగిపోతారు. పీఠభూమికి కూడా ఇలాంటి ప్రశ్నే వేయవచ్చు: హైదరాబాదు చుట్టూ నేల చాలావరకు చదునుగానే కనిపిస్తుంది కదా, మరి దాన్ని మైదానం అని ఎందుకు అనము? సముద్రమట్టానికి అది 500 మీటర్లకు పైగా ఎత్తున ఉందని పటంలోని రంగును చూసి చెప్పగలిగిన పిల్లవాడికి ఆ నాలుగు గళ్ళ పదం నిజంగా వచ్చినట్లే.