ఇన్వర్టర్ కొన్నాం కదా, ఇంకేం టెన్షన్? చిన్న ఆఫీసుల్లో అపోహలు - వాస్తవాలు

చిన్న ఆఫీసులకు నెట్‌వర్కు, కరెంటు బ్యాకప్ పెట్టడం నా పని. నా కస్టమర్లలో ఎక్కువమంది ట్యాక్స్ కన్సల్టెంట్లు, అకౌంట్స్ రాసేవాళ్లు. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-3బీకి 20వ తేదీ గడువు. దాటితే రిటర్నుకు రోజుకు 50 రూపాయల చొప్పున లేటు ఫీజు పడుతుంది. గడువుకు ముందు నాలుగు రోజుల్లో కరెంటు పోతే నాకు ఫోన్లే ఫోన్లు. అందుకని అలాంటి ఆఫీసునే ఉదాహరణగా తీసుకుంటాను: ఐదు సిస్టమ్స్, వాటిలో ఒకటి ట్యాలీ డేటా ఉన్న సర్వర్, ఒక ఫైబర్ కనెక్షన్, 900 వీఏ ఇన్వర్టర్, 150 ఏహెచ్ బ్యాటరీ.

అపోహ: 150 ఏహెచ్ బ్యాటరీ ఉంది, నాలుగు గంటలు ఢోకా లేదు.

ఇంట్లో రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లకైతే నిజమే. ఆఫీసులో లెక్క వేరు. మానిటర్‌తో కలిపి ఒక డెస్క్‌టాప్ సుమారు 100 వాట్లు తీసుకుంటుంది, ఐదుకు 500. మూడు ఫ్యాన్లకు 210, రెండు లైట్లకు 40, రూటరు వగైరాకు 25. మొత్తం 775 వాట్లు. 900 వీఏ ఇన్వర్టర్ మోసేదే 700, 750 వాట్ల దాకా. అంటే బ్యాటరీ సంగతి తర్వాత, ముందు ఇన్వర్టరే ఓవర్‌లోడ్ అయి ట్రిప్ అవుతుంది.

బ్యాటరీ మీద 12 వోల్టులు, 150 ఏహెచ్ అని ఉంటే కాగితం మీద 1,800 వాట్ అవర్లు. ఇన్వర్టర్‌లో పోయేది పోగా, బ్యాటరీని పూర్తిగా పిండకూడదు కాబట్టి, చేతికొచ్చేది 1,100 అనుకోండి. అదీ కొత్త బ్యాటరీకి. అందుకే నేను అడిగే మొదటి ప్రశ్న "ఎంత పెద్ద బ్యాటరీ కావాలి?" అని కాదు, "కరెంటు లేనప్పుడు ఆగకూడని పని ఏది?" అని. ఈ ఆఫీసులో రిటర్నులు వేసే రెండు సిస్టమ్స్, సర్వరు, నెట్ నడిస్తే చాలు. వాటికి ఒక ఫ్యాను, ఒక లైటు కలిపితే మొత్తం 415 వాట్లు. అప్పుడు రెండున్నర గంటలు వస్తుంది. మిగతా ఇద్దరు ఆ టైంలో ఫైళ్లు సర్దుకోవచ్చు, క్లయింట్లకు ఫోన్లు చేసుకోవచ్చు.

అయితే కరెంటు రోజుకు ఒక్కసారే పోదుగా! పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు పోయిందనుకోండి. ఇన్వర్టర్‌లో పోయేది కూడా కలిపి పొద్దున 85 ఏహెచ్ దాకా ఖర్చవుతుంది. ఇన్వర్టర్ 15 ఆంపియర్లతో ఛార్జ్ చేస్తుంటే, మధ్యలో దొరికిన నాలుగు గంటల్లో, ఛార్జింగ్‌లో పోయేది పోగా, వెనక్కి నిండేది 50 ఏహెచ్. పూర్తిగా పిండకూడదు కాబట్టి మధ్యాహ్నానికి ఆ బ్యాటరీ రెండు గంటలు కూడా నిలవదు. "పొద్దున బాగానే ఉందండీ, మధ్యాహ్నమే ఆగిపోయింది" అని ఫిర్యాదు చేసేవాళ్ల సమస్య చాలాసార్లు ఇదే. బ్యాటరీలో లోపం ఉండదు.

అపోహ: లైట్లు ఆరలేదు కాబట్టి పని కూడా ఆగదు.

ఇన్వర్టర్ల మీద సాధారణంగా ఒక చిన్న స్విచ్ ఉంటుంది: ఒక పక్క నార్మల్, ఇంకో పక్క యూపీఎస్. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయాక బ్యాటరీకి మారడం కాస్త ఆలస్యమవుతుంది. లైటు ఒకసారి రెప్ప కొట్టి వెలుగుతుంది, కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. సర్వరులో ఎంట్రీ సేవ్ అవుతున్న క్షణంలో అలా జరిగితే ట్యాలీ డేటా పాడవ్వచ్చు. స్విచ్ యూపీఎస్ వైపు పెట్టండి. దానికీ ఓ చిక్కుంది. ఆ మోడ్‌లో వోల్టేజ్ 180 కంటే తగ్గితే చాలా ఇన్వర్టర్లు బ్యాటరీ మీదికి వెళ్లిపోతాయి. ఎండాకాలం సాయంత్రాల్లో లో వోల్టేజ్ ఉండే వీధుల్లో, కరెంటు ఉండగానే బ్యాటరీ ఖాళీ అయిపోతుంటుంది. అలాంటి చోట సర్వరుకు విడిగా ఒక చిన్న యూపీఎస్ పెట్టి, ఇన్వర్టర్‌ను నార్మల్‌లోనే ఉంచడం మేలు.

ఇంకొకటి, నేను ఎక్కువసార్లు చూసేది. ఐదు సిస్టమ్స్‌కూ బ్యాకప్ ఉంటుంది. వాటిని సర్వరుతో కలిపే, టేబుల్ కింద దుమ్ములో పడున్న ఎనిమిది పోర్టుల నెట్‌వర్క్ స్విచ్ మాత్రం గోడకున్న మామూలు ప్లగ్గులో ఉంటుంది. కరెంటు పోగానే అది ఆగుతుంది, అన్ని స్క్రీన్లూ వెలుగుతూనే ఉంటాయి, ట్యాలీలో మాత్రం ఎర్రర్. అందరూ సర్వరును తిడతారు. కరెంటు పోయినప్పుడు ముందు వంగి ఆ స్విచ్ లైట్లు చూడండి.

లేజర్ ప్రింటర్‌ను మాత్రం ఎప్పుడూ బ్యాకప్ లైనులో పెట్టకండి. వేడెక్కే ఆ కాసేపట్లో అది లాగే కరెంటుకు ఇన్వర్టర్ ట్రిప్ అయి, మిగతావి కూడా పోతాయి.

అపోహ: రెండు కంపెనీల నెట్ ఉంది, ఒకటి పోతే ఇంకొకటి.

బిల్లులు రెండు వస్తాయి, నిజమే. రెండు కేబుళ్లూ ఒకే కరెంటు స్తంభం మీదుగా వస్తుంటే లారీ తగిలినా, కొమ్మ పడినా రెండూ పోతాయి. 2025 ఆగస్టులో షాక్ కొట్టి ప్రాణాలు పోయిన ఘటనల తర్వాత హైదరాబాద్‌లో స్తంభాల మీది కేబుళ్లు కోసేసినప్పుడు, కంపెనీతో సంబంధం లేకుండా చాలామందికి నెట్ ఆగిపోయింది. రెండో కనెక్షన్ తీసుకునే ముందు బయటికెళ్లి, రెండు తీగలూ వీధి చివరి దాకా ఎటు వెళ్తున్నాయో కళ్లతో చూడండి. ఫైబరుకు తోడుగా సిమ్ వేసుకునే రూటరైతే దారి నిజంగానే వేరవుతుంది.

ఆపరేటర్‌ను ఒక ప్రశ్న అడగాలి: "మీ ఆఫీసు నుంచి మా ఆఫీసు దాకా మధ్యలో కరెంటుతో నడిచే డబ్బా ఏమైనా ఉందా?" ఫైబర్‌ను నేరుగా స్ప్లిటర్లతో పంచుతుంటే వాటికి కరెంటు అక్కర్లేదు. ఏ మేడ మీదో నెట్‌వర్క్ స్విచ్ పెట్టి అక్కడి నుంచి తీగ లాగితే, ఆ ఇంట్లో కరెంటు పోయినా మీ నెట్ పోతుంది. మీరు ఎంత పెద్ద బ్యాటరీ కొన్నా దానికి మందు లేదు.

నెట్ ఆగినప్పుడు ఫైబర్ డబ్బా మీది లైట్లు చూడండి. `LOS` ఎర్రగా వెలుగుతుంటే వెలుతురు సిగ్నల్ రావడం లేదు. ఫైబర్ తెగి ఉండొచ్చు, అవతల పరికరం ఆగి ఉండొచ్చు. రీస్టార్ట్ చేస్తూ కూర్చోకుండా ఆపరేటర్‌కు ఫోన్ చేసి, సిమ్ రూటర్‌కు మారిపోండి. `PON` స్థిరంగా వెలుగుతూ నెట్ రాకపోతే ఒక్కసారి రీస్టార్ట్ చేసి చూడొచ్చు.

అపోహ: ఏమీ కుదరకపోతే ఇంటికెళ్లి ల్యాప్‌టాప్‌లో వేసేస్తాం.

వేయొచ్చు, ముందే సిద్ధం చేసి ఉంటే. కంపెనీల రిటర్నులకు డిజిటల్ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్ కావాలి. అది సార్ డ్రాయర్‌లో ఉంటుంది, తాళం సార్ దగ్గర ఉంటుంది, సార్ పెళ్లికి వెళ్లి ఉంటారు. ల్యాప్‌టాప్‌లో టోకెన్ డ్రైవరు, పోర్టల్‌లో ఆ సంతకం పెట్టించే `emSigner` సాఫ్ట్‌వేర్ ముందే వేసి ఒకసారి సంతకం పెట్టి చూడాలి. ఓటీపీతో వేసేవాటికి ఆ నంబరున్న ఫోన్ ఎవరి దగ్గరుందో, అందులో ఛార్జింగ్ ఉందో లేదో తెలియాలి. హాట్‌స్పాట్ వాడేటప్పుడు విండోస్‌లో ఆ కనెక్షన్‌ను `Metered connection`గా పెట్టండి. లేదంటే అప్‌డేట్లు, క్లౌడ్ ఫైళ్లు కలిసి రోజు డేటా మింగేస్తాయి.

అపోహ: ఐదుగురున్న ఆఫీసుకు ప్లాన్ ఏంటండీ, పెద్ద కంపెనీలకు కదా!

ఇన్వర్టర్ పక్కన గోడకు అంటించే ఒక కాగితం చాలు. కరెంటు పోగానే ఏ రెండు సిస్టమ్స్ ఆపాలో పేర్లతో రాయండి. గంటన్నర దాటితే ట్యాలీ బ్యాకప్ తీసి, సర్వర్‌ను సరిగ్గా షట్‌డౌన్ చేసేది ఎవరో రాయండి. కరెంటు ఫిర్యాదుకు 1912, బిల్లు మీది సర్వీస్ నంబరు, నెట్ ఆపరేటర్ దగ్గర లైన్ చూసే కుర్రాడి నంబరు కూడా ఉండాలి. టోకెన్ ఎక్కడుందో కూడా.

తర్వాత ఏదో ఒక శనివారం సాయంత్రం, ట్యాలీ బ్యాకప్ తీసి, మెయిన్ ఎంసీబీ ఆపేసి ఆ కాగితం ప్రకారం పని చేసి చూడండి. ఇన్వర్టర్ బీప్ మొదలయ్యే దాకా ఎన్ని నిమిషాలు వచ్చిందో తేదీతో సహా బ్యాటరీ మీద మార్కర్‌తో రాయండి. మూడు నెలలకోసారి ఇలాగే చేయండి. మొదటిసారి వచ్చిన దాంట్లో సగానికి పడిపోతే, ముందు డిస్టిల్డ్ వాటర్ చూడండి. నీళ్లు సరిగ్గా ఉన్నా అంతే వస్తుంటే, వచ్చే 20వ తేదీలోపు కొత్త బ్యాటరీ పెట్టించుకోండి.