మిల్లు ఓనరు చేతిలో బయానా

నల్లగొండ చుట్టుపక్కల ప్లాటు బేరాలు చూసినవాళ్లకు బయానా సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. 40 లక్షల ప్లాటుకు 2 లక్షలు బయానా ఇచ్చి, ఆరు నెలల గడువు రాయించుకుంటారు. ఈలోగా రేటు 50 లక్షలకు పోతే మిగతా డబ్బు కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు. 30కి పడితే బయానా మీద ఆశ వదులుకుని తప్పుకుంటారు. (కాగితం పట్టుకుని అమ్మినాయన కోర్టుకు పోవచ్చు, అది వేరే కథ.) పోతే 2 లక్షలు పోతాయి, వస్తే ఎంతొస్తుందో చెప్పలేం. షేర్ మార్కెట్‌లో ఇలాంటి హక్కునే కాల్ ఆప్షన్ అంటారు.

ఆర్థికవేత్తలు ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ 1973లో ఆప్షన్‌కు ధర కట్టే సూత్రం ప్రచురించారు. అప్పున్న కంపెనీలో ఓనరు వాటా కూడా ఒక ఆప్షనేనని అందులోనే చెప్పారు. మరుసటి ఏడాది రాబర్ట్ మెర్టన్ ఆ మాటనే పట్టుకుని కంపెనీల అప్పుకు ధర కట్టి చూపించాడు.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఉందనుకుందాం. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. మిషన్లు, గోదాములు, వడ్ల నిల్వ అన్నీ కలిపి విలువ 10 కోట్లు. సరిగ్గా ఏడాదికి బ్యాంకుకు వడ్డీతో కలిపి ఒకేసారి 8 కోట్లు కట్టాలి. ఆ రోజుకు మిల్లు విలువ 12 కోట్లయితే ఓనరు 8 కట్టేసి 4 మిగుల్చుకుంటాడు. 6 కోట్లకు పడిపోతే తాళాలు బ్యాంకు చేతిలో పెడతాడు, 2 కోట్ల నష్టం బ్యాంకుది. కాబట్టి మిల్లు బ్యాంకుదే అనుకోండి, 8 కోట్లు కట్టి దాన్ని తీసుకునే హక్కు ఓనరుది. ఆయన వాటా అంటే ఆ హక్కే.

ఇక్కడే అసలు మెలిక ఉంది. బయానా ఇచ్చినవాడికి రేట్లు ఎంత ఊగితే అంత మంచిది. పైకి పోతే లాభం తనది, ఎంత కిందికి పోయినా తను పోగొట్టుకునేది బయానా వరకే. మిల్లు ప్రభుత్వం ఇచ్చే వడ్లు ఆడించి మరపట్టు కూలి మాత్రమే తీసుకుంటుంటే ఆస్తి విలువ పెద్దగా ఊగదు. ఏడాదికి 15 శాతం అనుకుందాం. అదే ఓనరు సొంతంగా వడ్లు కొని, రేటు పెరుగుతుందని గోదాముల్లో నిల్వ పెడితే ఊగిసలాట 30 శాతానికి పోయిందనుకుందాం.

రిస్కు లేని వడ్డీ, రోజూ చక్రవడ్డీ కట్టే లెక్కన, 7 శాతమైతే, ఏడాదికి తప్పకుండా వచ్చే 8 కోట్లకు ఈ రోజు ధర దాదాపు 7 కోట్ల 46 లక్షలు. మెర్టన్ లెక్క ప్రకారం కూలికి ఆడించే మిల్లు రాసిచ్చిన అప్పు కాగితం దానికంటే లక్షా పాతికవేలు మాత్రమే తక్కువ పలుకుతుంది. వడ్లు నిల్వ పెట్టే మిల్లు కాగితానికి మాత్రం 22 లక్షల కోత పడుతుంది. వడ్డీ రూపంలో చెప్పాలంటే, రిస్కు లేని రేటు మీద మొదటి మిల్లు 0.17 శాతం ఎక్కువిస్తే చాలు, రెండోది 3 శాతం ఎక్కువివ్వాలి. ఈ అదనపు వడ్డీనే క్రెడిట్ స్ప్రెడ్ అంటారు. మిల్లు చేతులెత్తేసే అవకాశం కూడా 3 నుంచి 20 శాతానికి ఎగబాకుతుంది. ఇది ధర కట్టడానికి వాడే సంభావ్యత, నిజంగా మునిగేవి మామూలుగా అంతకంటే తక్కువే.

ఆస్తి అదే 10 కోట్లు, అప్పు అదే 8 కోట్లు. వ్యాపారం తీరు మారినందుకే బ్యాంకు నుంచి 21 లక్షలు చప్పుడు లేకుండా ఓనరు జేబులోకి పోయాయి. గోదాములో నిల్వ ఎంతుందో, దేని కోసం కొన్నారో బ్యాంకోళ్లు అంతగా ఆరా తీసేది ఊరికే కాదు.

ఈ లెక్కలో ఒక లోపం ఉంది. విలువ మెల్లమెల్లగా, కళ్లముందే కదులుతుందని మెర్టన్ అనుకున్నాడు. అదే నిజమైతే 10 కోట్ల మిల్లు నెల రోజుల్లో 8 కోట్ల కిందికి జారే అవకాశం దాదాపు ఉండదు, కాబట్టి నెల అప్పుకు స్ప్రెడ్ కూడా సున్నాకు దగ్గరగా రావాలి. మార్కెట్‌లో మాత్రం అలా కనిపించదు. ఎందుకో గోదాములో నిలబడితే తెలుస్తుంది. ముందు వరుసల్లో బస్తాలు కప్పుదాకా పేర్చి ఉంటాయి. బ్యాంకుకిచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్‌తో లెక్క కూడా సరిపోయినట్టే ఉంటుంది. ఒకరోజు ఎవరో నిచ్చెన వేసి పైకెక్కి చూస్తే నడుమంతా ఖాళీ! విలువ ఆ రోజు మెల్లగా జారలేదు, ఒక్కసారిగా కూలింది. అందుకే తర్వాత వచ్చినవాళ్లు లెక్కలో ఇలాంటి ఆకస్మిక పతనాలను కూడా చేర్చారు.

మన దగ్గర ఇంకో చిక్కు. ప్రైవేట్ లిమిటెడ్ అయినా చిన్న మిల్లుకు అప్పిచ్చేటప్పుడు బ్యాంకు సాధారణంగా డైరెక్టర్ల సొంత గ్యారంటీ కూడా రాయించుకుంటుంది. ఆ సంతకం పడ్డాక, తాళాలిచ్చి తప్పుకునే దారి చాలావరకు మూసుకుపోయినట్టే. అప్పుడు లెక్కలో 10 కోట్లు అని రాసిన చోట ఓనరు ఇల్లు, పొలం కూడా కలుపుకోవాలి.