మోడ్ లోపల మోడ్ వస్తే ఏం చేయాలి: |x² − 4| < 3 చుట్టూ అపోహలు - వాస్తవాలు

మాడ్యులస్ ఇనీక్వాలిటీలు చెప్పేటప్పుడు నేను ఎక్కువగా వాడే లెక్క |x² − 4| < 3. చూడ్డానికి రెండు లైన్ల పని, కానీ పేపర్లు దిద్దితే దీనికి రకరకాల ఆన్సర్లు కనిపిస్తాయి, అందులో చాలావరకు ఒకే చోట తప్పుతాయి. ఆ చోటు నుంచే మొదలెడదాం.

అపోహ: మోడ్ తీసేశాక రూట్ వేస్తే అయిపోయింది

మోడ్ తీయడం వరకు అందరూ బానే చేస్తారు. −3 < x² − 4 < 3 అని రాసి, అన్నిటికీ 4 కలిపితే 1 < x² < 7 వస్తుంది. ఇక్కడి నుంచి సగం మంది 1 < x < √7 అని రాసేస్తారు, మిగతావాళ్లలో కొందరు నెగటివ్ కూడా ఉండాలి కదా అని గుర్తొచ్చి −√7 < x < √7 అంటారు. రెండూ తప్పే, కాకపోతే తప్పు ఒకటి కాదు. మొదటిది నెగటివ్ వైపు మొత్తం పోగొట్టుకుంది, రెండోది మధ్యలో ఉండకూడని ముక్కని లోపలికి రానిచ్చింది. x = 0 పెట్టి చూడండి, |0 − 4| అంటే 4, అది 3 కన్నా తక్కువ కాదు.

వాస్తవం: x² కి రూట్ తీస్తే వచ్చేది x కాదు, |x|. అంటే 1 < x² < 7 నుంచి 1 < |x| < √7 వస్తుంది, బయట మోడ్ తీసేశాం అనుకుంటే లోపల నుంచి ఇంకో మోడ్ బయటపడింది అన్నమాట. పైకి ఒక్క మోడ్ ఉన్నట్టు కనిపించినా ఈ లెక్కని నేను మోడ్ లోపల మోడ్ కిందే లెక్కేస్తా, ఎందుకంటే x² అనేది |x|² యే. ఇప్పుడు 1 < |x| అంటే x > 1 లేదా x < −1, |x| < √7 అంటే −√7 కి √7 కి మధ్య, రెండూ ఒకేసారి నిజం కావాలి కాబట్టి ఆన్సర్ (−√7, −1) ∪ (1, √7). √7 దాదాపు 2.65 కాబట్టి పూర్ణసంఖ్యలు కావాలంటే 2, −2 మాత్రమే దొరుకుతాయి.

అపోహ: ఇలాంటి లెక్కకి ఆన్సర్ ఎప్పుడూ రెండు ముక్కలే

ఒక లెక్క చేశాక దాని ఆకారం బట్టీ పట్టేసేవాళ్లు ఉంటారు, వాళ్లకి కుడివైపు నంబర్ మారిస్తే చాలు దొరికిపోతారు. 3 బదులు 5 పెట్టండి. −5 < x² − 4 < 5 నుంచి −1 < x² < 9 వస్తుంది. ఇక్కడ −1 కి రూట్ ఎలా తీయాలి సార్ అని ఆగిపోతారు, అసలు తీయక్కర్లేదు, x² ఎప్పుడూ సున్నా లేదా అంతకన్నా ఎక్కువే కాబట్టి −1 < x² అనేది ఏ x కైనా నిజం, అది మనకి ఏ షరతూ పెట్టట్లేదు. మిగిలింది x² < 9, ఆన్సర్ (−3, 3), ఒకే ముక్క.

వాస్తవం: ముక్కలు ఎన్నో తేల్చేది కుడివైపు నంబర్ 4 కన్నా తక్కువా ఎక్కువా అన్నదే, ఎందుకంటే x = 0 దగ్గర ఎడమవైపు విలువ సరిగ్గా 4. అన్నిటికన్నా తమాషా కేసు |x² − 4| < 4. 0 < x² < 8 వస్తుంది, x² సున్నా కన్నా కచ్చితంగా ఎక్కువ ఉండాలి కాబట్టి x = 0 ఒక్కటే బయటికి పోతుంది. ఆన్సర్ (−2√2, 0) ∪ (0, 2√2). ఇక్కడ < బదులు ≤ ఇచ్చి ఉంటే ఆ చిల్లు పూడిపోయి [−2√2, 2√2] మొత్తం వచ్చేసేది. ఒక్క గీత తేడాకి ఆన్సర్ ఆకారమే మారిపోయింది, అందుకే గుర్తు చూడకుండా చేయొద్దని గొంతు చించుకునేది.

అపోహ: లోపలి మోడ్ ముందు తీసేస్తే ఈజీ

ఇప్పుడు నిజంగానే రెండు జతల బార్లు ఉన్న లెక్క చూద్దాం: ||x² − 4| − 2| < 1. చాలామంది లోపలి బార్లని బ్రాకెట్లు అనుకుని చెరిపేసి |x² − 6| < 1 చేసేస్తారు, దాన్నుంచి 5 < x² < 7 అని హాయిగా ముగిస్తారు. వచ్చిన ఆన్సర్‌లో ఉన్న ప్రతి x నిజంగానే సరిపోతుంది, అందుకే చెక్ చేసినా తప్పు తెలీదు, పోయిన సగం మాత్రం కనపడదు.

వాస్తవం: బయట నుంచి లోపలికి రండి. లోపల ఉన్న |x² − 4| ని కాసేపు t అనుకుంటే |t − 2| < 1, అంటే 1 < t < 3. ఇప్పుడు t ని వెనక్కి పెడితే |x² − 4| < 3 మరియు |x² − 4| > 1, రెండూ కావాలి. మొదటిది పైన చేసేశాం, 1 < x² < 7. రెండోదానికి x² − 4 > 1 లేదా x² − 4 < −1, అంటే x² > 5 లేదా x² < 3. రెండూ కలిపి నంబర్ లైన్ మీద x² కోసం గీస్తే 1 నుంచి 3 దాకా ఒక ముక్క, 5 నుంచి 7 దాకా ఇంకో ముక్క. చివర్లో మాత్రమే x కి దిగండి: (1, √3), (√5, √7), మళ్లీ నెగటివ్ వైపు అవే (−√3, −1), (−√7, −√5), మొత్తం నాలుగు ముక్కల యూనియన్. x = 1.5 పెడితే 2.25 − 4 మోడ్ 1.75, దాన్నుంచి 2 తీసి మోడ్ వేస్తే 0.25, సరిపోయింది, షార్ట్‌కట్ చేసినవాళ్లు పోగొట్టుకున్నది ఇలాంటివే. ఇందాక లోపల ఉన్న x = 2 ఇప్పుడు బయటికి పోయింది, అక్కడ |0 − 2| అంటే 2.

నా సలహా ఏంటంటే చివరి లైన్ వరకు x² లోనే ఉండండి, ప్రతి స్టెప్పులో రూట్లు, ప్లస్ మైనస్‌లు మోస్తూ పోతే నాలుగు ముక్కల దగ్గర కచ్చితంగా తడబడతారు.

అపోహ: రెండువైపులా స్క్వేర్ చేస్తే మోడ్ గొడవే ఉండదు

కుడివైపు 3 లాంటి పాజిటివ్ నంబర్ ఉంటే నిజమే, (x² − 7)(x² − 1) < 0 వచ్చి అదే ఆన్సర్ వస్తుంది. కుడివైపు x ఉంటేనే చిక్కు. |x² − 4| < 3x తీసుకోండి. స్క్వేర్ చేసి ఫ్యాక్టర్లు చేస్తే (x − 4)(x + 1)(x + 4)(x − 1) < 0, దాని ఆన్సర్ (−4, −1) ∪ (1, 4). అందులో x = −2 పెట్టి చూస్తే ఎడమవైపు 0, కుడివైపు −6, సున్నా −6 కన్నా తక్కువ ఎలా అవుతుంది?

వాస్తవం: కుడివైపు నెగటివ్ అయ్యే చోట స్క్వేర్ చేస్తే గుర్తు సమాచారం పోతుంది, కాబట్టి 3x > 0 అనే షరతు పక్కన రాసుకోవాలి, అప్పుడు (1, 4) మాత్రమే మిగులుతుంది. అదే −3x < x² − 4 < 3x అని రాసి ఉంటే ఆ షరతు విడిగా అక్కర్లేదు, x నెగటివ్ అయినా సున్నా అయినా −3x అనేది 3x కన్నా తక్కువ కాలేదు కాబట్టి ఆ xలు వాటంతటవే పోతాయి. ఎడమవైపు నుంచి x > 1 లేదా x < −4, కుడివైపు నుంచి −1 < x < 4, రెండిటికీ ఉమ్మడిగా ఉన్నది (1, 4).